సీసా తగ్గకుండా పరుగు పందెం పెట్టే విధానం

తర్లగూడలో పది కిలోమీటర్ల పరుగు పెడుతున్నారని తెలిసి చాలా సంతోషించాను. బస్తర్‌లో ఇప్పుడు ఆటల గాలి వీస్తోంది. 2024లో మొదలైన బస్తర్ ఒలింపిక్స్‌కు ఆ ఏడాదే ఏడు జిల్లాల నుంచి 1.65 లక్షల మంది పేర్లిచ్చారు. మనిషికి రెండు సీసాలే అనుకున్నా మూడు లక్షల ముప్పై వేలు! ఇంత పెద్ద లెక్కలో మన ఊరి వాటా లేకపోతే బాగుండదు. అందుకే అడక్కపోయినా నాలుగు సలహాలు చెబుతున్నాను. వీటిని తు.చ. తప్పకుండా పాటిస్తే పందెం అయిన వారానికి కూడా జనం దాని గురించే మాట్లాడుకుంటారు, ముఖ్యంగా మురికి కాలువ తీసేవాళ్లు.

మీ పందెం సంగతే తీసుకుందాం. 500 మంది వస్తారు. భోపాలపట్నం రోడ్డు మీద అయిదు కిలోమీటర్లు పోయి వెనక్కి తిరగాలి. రెండున్నర కిలోమీటర్ల దగ్గర ఒక నీళ్ల బల్ల, మలుపు దగ్గర ఇంకొకటి. మొదటి బల్ల వచ్చేటప్పుడు మళ్లీ తగులుతుంది కాబట్టి దారిలో మూడుసార్లు, చివర్లో ఒకసారి నీళ్లు. ఇక్కడ కొందరు కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంటారు. పరుగులో ఉన్నవాడు ఒకసారికి 150 మిల్లీలీటర్లకు మించి తాగడు, మూడుసార్లకు 500 మందికి కలిపి 225 లీటర్లు, చివర్లో తలా అర లీటరు వేసినా 250 లీటర్లు, అంతా కలిపి ఇరవై లీటర్ల క్యాన్లు ఇరవై నాలుగు చాలు అంటారు. వాళ్ల మాట వినకండి. మీరు తలకు నాలుగు అర లీటరు సీసాలు లెక్కేసి రెండు వేలు తెప్పించండి. వెయ్యి లీటర్లలో సగానికి పైగా రోడ్డు తాగుతుంది. ఎండలో రోడ్డుకూ దాహం ఉంటుంది కదా.

సీసా మూతలు వదులు చేసి పెట్టడం, సగం తాగిన సీసాను ఒంపి మూత తీసి నలపడం లాంటి పనులు ఎవరికీ నేర్పకండి. పెట్ సీసాకు ఎంతో కొంత డబ్బు వస్తుంది, పాత సామాన్లు కొనేవాళ్లు తీసుకుంటారు. కానీ మూత బిగించి లోపల నీళ్లుంటే అది నలగదు, సంచి నిండా గాలీ నీళ్లే ఉంటాయి. ఖాళీ సీసా బరువు పది పదిహేను గ్రాములు. రెండు వేలూ ఖాళీవైతే ముప్పై కిలోలకు మించవు. సంచి ఎత్తబోతే నడుం పట్టేసిందంటే లోపలున్నది నీళ్లేనని అర్థం, అంటే మన పథకం పారినట్టే. అలాంటి సంచి కోసం భోపాలపట్నం నుంచి ఆటో కట్టుకుని ఎవడూ రాడు. గుంట తవ్వి తగలబెట్టేయొచ్చు.

సీసాలు ఖరీదనుకుంటే నీళ్ల ప్యాకెట్లు ఉండనే ఉన్నాయి. నా ఓటు వీటికే. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు, ప్లేట్లు దేశమంతా నిషేధం. సీసాలూ నీళ్ల ప్యాకెట్లూ మాత్రం ఆ జాబితాలో లేవు. చట్టం దారి వదిలితే మనం ఎందుకు పోకూడదు? ప్యాకెట్ గొప్పతనం ఒకసారి దగ్గర నుంచి చూడండి. పరుగెత్తేవాడు దాన్ని పళ్ల మధ్య పెట్టి మూల కొరుకుతాడు. గోరంత ముక్క నోట్లోకి వస్తుంది. తూ అని ఉమ్ముతాడు. ప్యాకెట్‌ను ఒత్తితే సగం నీళ్లు నోట్లోకి, సగం చొక్కా మీదికి. తర్వాత ప్యాకెట్ ఒక చోట పడుతుంది, ముక్క ఇంకో చోట. ప్యాకెట్‌నైనా వంగి తీసే పిల్లలుంటారు. ఆ గోరంత ముక్కను, తడిసిన ఎర్రమట్టిలో అంటుకున్నదాన్ని, తీసినవాడిని నేను ఇంతవరకు చూడలేదు. 1500 ప్యాకెట్లకు 1500 ముక్కలు. మట్టి పట్టిన ఆ పల్చటి కవర్‌ను పాత సామాన్ల వాడు ముట్టుకోడు. గ్లూకోజు, ఉప్పు కలిపిన ప్యాకెట్లయితే ఇంకా మంచిది, ఆ రుచికి పశువులొచ్చి కవర్‌తో సహా నమిలేస్తాయి. మిగిలినవి మొదటి వానకు వాగుల్లో పడతాయి. భద్రకాళి దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలిసినట్టే మన ప్యాకెట్లూ కలుస్తాయి. దిగువన భద్రాచలం ఉంది, పుణ్యమే.

“అలా కాదు, రీఫిల్ పాయింట్ పెట్టాల్సిందే” అని ఎవరైనా పట్టుబడితే వెంటనే ఒప్పుకోండి. పెట్టే చోటే మన చేతిలో ఉంది. సరిగ్గా దారి మధ్యలో, రెండున్నర కిలోమీటర్ల బల్ల దగ్గర, ఒకే ఒక కుళాయి పెట్టండి. చురుకైనవాళ్లు అక్కడికి పది నిమిషాల్లో వస్తారు, వెనకబడ్డవాళ్లు ఇరవై రెండు నిమిషాల్లో. అంటే పన్నెండు నిమిషాల్లో అయిదు వందల మంది, రద్దీ వేళ సెకనుకు ఒకరు చొప్పున. క్యాన్ కుళాయి కింద ఒక గ్లాసు నిండాలంటే నాలుగైదు సెకన్లు. వరుస పెరుగుతుంది, కేకలు మొదలవుతాయి, ఎవడో క్యాన్‌ను బల్ల మీద నుంచి లాగేస్తాడు. అప్పుడు మీరు చేతులు కట్టుకుని “నేను ముందే చెప్పలేదూ, ఇవి మన దగ్గర పని చేయవు” అనొచ్చు. వెనకాల దాచిన సీసాల పెట్టెలు విప్పొచ్చు. కుళాయిలను పందెం ముగిసే చోట, జనం తీరిగ్గా నిలబడే చోట, నాలుగైదు పెట్టి, దారి మధ్యలో ముందే నింపిన గ్లాసులు వరసగా ఉంచితే మాత్రం ఆ పద్ధతి పని చేసి కూర్చుంటుంది. ఆ ప్రమాదం తెచ్చుకోకండి.

దారి మధ్యలో దేనితో తాగాలన్న ప్రశ్న వస్తుంది. మోదుగాకు దొప్పల పేరెత్తనివ్వకండి. ఇప్ప చెట్ల కింద కూర్చుని పుల్లతో కుట్టే ముసలమ్మలు మన చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. జావ పోసినా కారని దొప్ప నీళ్లకు ఆగదా అంటారు. ఆగుతుంది. అదే ఇబ్బంది. రెండు గుక్కలు తాగి పారేస్తే పశువు తిన్నా బాధ లేదు, మట్టిలో కలిసినా బాధ లేదు. పందెం జరిగిన ఆనవాలే మిగలదు. “బిడ్డా, వెయ్యి కావాలంటే వారం ముందు చెప్పు, ఒకదాంట్లో ఒకటి పెట్టి కట్ట కట్టిస్తా, గాలికి పోవు” అని వాళ్లలో ఒక ముసలమ్మ అంటే ముందు రోజు సాయంత్రం దాకా చెప్పకుండా ఉంటే సరిపోతుంది. దోసిలి పట్టి తాగే పిల్లలు ఎదురైతే నాగరికత కాదని మందలించండి. ఎండాకాలం చలివేంద్రం దగ్గర పొడుగు కాడ గరిటెతో పై నుంచి పోస్తే ఎంగిలి లేకుండా వందల మంది తాగే పద్ధతి మన తాతలది. అదే పనిని ఇంగ్లీషు పేరు పెట్టి చేస్తే తప్ప ఫొటోకు పనికిరాదు.

అడవి బాటల్లో పరుగెత్తేవాళ్లు కొందరు తమ గ్లాసు తామే తెచ్చుకుంటారు. యూరప్‌లో మోంట్ బ్లాంక్ కొండ చుట్టూ జరిగే యూటీఎంబీ పరుగులో సొంత గ్లాసు తప్పనిసరి సామాన్లలో ఒకటి. మనం మాత్రం పేర్లు నమోదు చేసే కాగితంలో “మీ గ్లాసు మీరు తెచ్చుకోండి” అనే ఒక్క వాక్యం రాయకూడదు. రాస్తే తెచ్చుకుంటారు.

నీళ్ల శుభ్రత మీద అనుమానం పెంచండి. భోపాలపట్నం వైపు కొన్ని ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్ ఉంది కదా అని మొదలుపెట్టి సీసా తప్ప గతి లేదని తేల్చండి. మంచి బోరు ఏదో వారం ముందే అడిగి తెలుసుకోవడం, డ్రమ్ములో క్లోరిన్ బిళ్లలు వేసి అరగంట ఆగడం వగైరా చెప్పేవాళ్లుంటారు. తప్పదంటే బిళ్లలు వేయండి, కానీ తుపాకీ పేలాక వేయండి. వాసనొస్తుంది, పని చేయదు.

ఇక చెత్త డబ్బాలు. ఇది మన కళకు శిఖరం. పొద్దున్నే ఎవరో కుర్రాడు వచ్చి అడుగుతాడు: “అన్నా, డబ్బాలు ఎక్కడ పెట్టాలె?” మీ జవాబు ఒక్కటే: “బల్ల పక్కనే తమ్మీ, అందంగా కనబడేటట్టు.” బల్ల దగ్గర నీళ్లు అందుకున్నవాడు అక్కడే పారేయడు. తాగుతూ పరుగెత్తి యాభై అడుగులు దాటాకో, వంద, రెండు వందల అడుగుల దగ్గరో విసురుతాడు. డబ్బా మాత్రం బల్ల పక్కన ఖాళీగా, ముచ్చటగా ఉంటుంది. బల్ల దాటాక వరసగా మూడు చోట్ల, మూత లేని వెడల్పు బుట్ట గానీ, రెండు వెదురు కర్రలకు కట్టిన వల గానీ పెట్టి, చివరిదానిపై “ఇదే ఆఖరు” అని పెద్దక్షరాల్లో రాస్తే చాలా మంది అందులోనే వేస్తారట. వెదురు మన దగ్గర దండిగా ఉంది, ఎవరికీ గుర్తు చేయకండి. పైగా మీ దారి పోయి తిరిగి వచ్చేది. వచ్చేటప్పుడు అదే బల్ల దాటాక విసిరే చోటు బల్లకు అవతలి పక్క, ఊరి వైపు ఉంటుంది. పొద్దున పెట్టిన బుట్టలను అక్కడికి జరపకుండా ఉంటే చాలు. అందరికన్నా వెనకున్నవాడు పోతూ బల్ల దాటేది ఇరవై రెండో నిమిషం, ముందున్నవాడు తిరిగి వచ్చేది ముప్పయ్యో నిమిషం. మధ్యలో ఎనిమిది నిమిషాలు రోడ్డు ఖాళీ. ఏరడానికీ బుట్టలు మార్చడానికీ దేవుడిచ్చిన ఆ వేళ బల్ల దగ్గరి పిల్లలకు ఉప్మా పెట్టండి. ఏరే పని మధ్యాహ్నానికి వాయిదా వేస్తే లారీలు తొక్కి సీసాలను తారుకు అతికిస్తాయి, మిగతావి గాలి చూసుకుంటుంది.

ఖర్చు పెట్టే స్తోమత ఉంటే లండన్‌ను చూపించి అందరి నోళ్లూ మూయించండి. 2019 లండన్ మారథాన్‌లో సముద్రపు నాచుతో చేసిన గోళీల్లో పానీయం నింపి, గోళీతో సహా మింగమని ముప్పై వేలకు పైగా పంచారు. ఇవి తాజాగా ఉన్నప్పుడే బాగుంటాయి, తర్లగూడ చేరేసరికి ఏమవుతాయో ఊహించుకోవచ్చు. అయినా ఒక పది తెప్పించి వేదిక మీద పళ్లెంలో పెట్టండి. అదే ఏడాది లండన్ వాళ్లు సీసాలను 9.2 లక్షల నుంచి 7.04 లక్షలకు దించాలనుకున్నారన్న సంగతి మాత్రం చెప్పకండి. అందుకు గోళీలే కాదు, నీళ్లిచ్చే బల్లల సంఖ్య తగ్గించడం లాంటి చప్పిడి పనులూ చేశారు, వార్తకు పనికిరావు.

ఆఖరున అతిథులు. పచ్చదనం మీద మాట్లాడేవారి ముందు తలకు ఒక సీసా, పక్కన ఒక సీసా ఉండాలి. ఒకటి తాగడానికి, ఒకటి ఫొటోలో పడడానికి. ఎన్ని తెచ్చాం, ఎన్ని ఖాళీవి తిరిగొచ్చాయని ఎవరైనా సంచులు లెక్కపెట్టబోతే ఆపండి. తెచ్చింది రెండు వేలు, సంచుల్లో దొరికింది పన్నెండు వందలని తేలితే మిగతా ఎనిమిది వందలు ఎక్కడున్నాయో వెతకాల్సి వస్తుంది. లెక్క లేకపోతే వెతుకులాట లేదు. వచ్చే ఏడాది ఆర్డరు రెండున్నర వేలకు ఇప్పుడే చెప్పేయండి, టోకున కొంటే తగ్గిస్తారు.