మా రోజుల్లో తెల్ల కత్తిని కూడా ఏరుకునేవాళ్లం

ఇప్పటి పిల్లలు ఆడుతుంటే వెనక నిలబడి చూడలేను, ఒళ్లు మండుతుంది. రాక్షసుడు కూలతాడు. నేల మీద పది వస్తువులు పడతాయి. అందులో ఒకదాని మీంచి పైకి వెలుగు స్తంభం లేస్తుంది. పిల్లవాడు నేరుగా దాని దగ్గరికే పోతాడు. మిగిలిన తొమ్మిదీ ఏమిటో వాడికి అక్కర్లేదు. వాణ్ణి అని ఏం లాభం, ఆట వాడికి నేర్పిందే అది.

2000లో డయాబ్లో 2 వచ్చినప్పుడు ఈ స్తంభాలు లేవు. ఆల్ట్ నొక్కి పట్టుకుంటే కింద పడ్డవాటి పేర్లు కనిపించేవి, అంతే. రంగులు అప్పుడూ ఉన్నాయి. తెలుపు మామూలు సరుకు, నీలం మ్యాజిక్, పసుపు రేర్, ఆకుపచ్చ సెట్, బంగారు రంగు యునీక్. కాకపోతే ఆ రంగు మాకు వెల చెప్పేది కాదు, వస్తువు ఎలా తయారైందో చెప్పేది. నీలం రంగు పేరు కనిపిస్తే ముందు ఒక గుణం, వెనక ఒక గుణం, అంతకు మించి ఉండవని అర్థం. పసుపైతే ముందు మూడు, వెనక మూడు, మొత్తం ఆరు దాకా పట్టొచ్చు. మరి ఆరు గుణాలున్నది రెండు గుణాలున్నదాని కన్నా మేలు కదా అంటారు. కాదు. మోనార్క్ అనే డాలు సంగతి చూడండి.

ఆ డాలుకి నాలుగు రంధ్రాలిచ్చే ‘జ్యూవెలర్స్’ గుణం నీలం వస్తువుకే పడుతుంది, పసుపుకి పడదు. దాని వెనక ‘ఆఫ్ డిఫ్లెక్టింగ్’ కూడా కలిసిందంటే దెబ్బను ఆపే అవకాశం 20 శాతం పెరుగుతుంది, ఆపే వేగం 30 శాతం పెరుగుతుంది. ఆ నాలుగు రంధ్రాల్లో నాలుగు పర్ఫెక్ట్ డైమండ్లు పెడితే, ఒక్కోటి 19 చొప్పున, నిప్పు, చలి, మెరుపు, విషం అన్నిటి మీదా 76 శాతం రక్షణ. పక్కన బంగారు రంగు డాలు పడి ఉన్నా తెలిసినవాడు ఈ నీలానికే వంగేవాడు. గుర్తింపు చీటీ వాడేదాకా లోపల ఏముందో తెలియదు కాబట్టి నీలం మోనార్క్ పడితే చాలు, విప్పి చూడాల్సిందే.

తెలుపు సంగతి ఇంకా గొప్పది. 2001లో లార్డ్ ఆఫ్ డిస్ట్రక్షన్ వచ్చి రూన్‌వర్డ్‌లు తెచ్చాక చెత్త అనుకున్న సరుకే పునాది అయింది. రూన్‌వర్డ్ తెల్ల వస్తువులో, లేదా రంధ్రాలుండి పేరు బూడిద రంగులో కనిపించేదానిలోనే పలుకుతుంది. ‘స్పిరిట్’ కత్తి కావాలంటే సరిగ్గా నాలుగు రంధ్రాల కత్తి ఉండాలి. నార్మల్‌లో ఆవుల లెవెల్‌లో పడిన తెల్ల క్రిస్టల్ స్వోర్డ్‌ని ఐదో అంకంలో లార్జుక్‌కి ఇస్తే నాలుగే పెడతాడు. అదే కత్తి పెద్ద లెవెల్ ప్రాంతంలో, అంటే ఐటెం లెవెల్ 40 దాటి పడిందా, ఆరు పెడతాడు, పని చెడుతుంది. చూడటానికి రెండూ ఒకే కత్తి, ఒకే తెలుపు. ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకున్నవాడికే తేడా తెలుసు. ఆ తర్వాత టాల్, థుల్, ఆర్ట్, ఆమ్న్ అదే వరుసలో పెట్టాలి. చివరి రూన్ కూర్చోగానే పేరు కళ్ల ముందే బంగారు రంగులోకి తిరిగేది, అన్ని స్కిల్స్‌కీ రెండేసి పెరిగేవి. వరుస తప్పితే రంగు మారదు, రూన్‌వర్డ్ రాదు, రూన్లు విడివిడిగా ఇచ్చేదే మిగిలేది. నీలం కత్తిలో పెట్టినా అంతే గతి.

2012లో డయాబ్లో 3 వచ్చింది. మొదట్లో దానిలో లెజెండరీలు నీరసంగా ఉండేవి, అందరూ తిట్టారు, న్యాయమే. 2014లో లూట్‌ని తిరగరాసి వాటికి బలం పోశారు. అదీ మంచిదే. కానీ బలమంతా నారింజకీ ఆకుపచ్చకీ పోసేసరికి కిందివాటికి పనే లేకుండా పోయింది. డెబ్బయ్యో లెవెల్ చేరాక తెలుపు, నీలం, పసుపు చాలావరకు కమ్మరి దగ్గర విరగ్గొట్టి ముడిసరుకు తీసుకోవడానికే. పేరు చదవాల్సిన పని లేదు. రంగే తీర్పు చెప్పేసింది. అక్కడితో ఆగక ఆ నారింజలోనే ఏన్షెంట్, దాని మీద ప్రైమల్ అని మళ్లీ అంతస్తులు కట్టారు. అదే వస్తువు, అంకెలు పెద్దవి.

మా మేనల్లుడు “మామయ్యా, గంటకి వందల వస్తువులు పడతాయి, అన్నీ చదువుతూ కూర్చుంటే ఆడేదెప్పుడు?” అంటాడు. అన్ని పడేలా ఎవరు చేశారని నేనడుగుతాను. వాడు పాత్ ఆఫ్ ఎక్సైల్ కూడా ఆడతాడు. ఆ ఆట నాకు నచ్చుతుంది. అక్కడ మంచి గుణాలు కలిసిన పసుపు బూట్లు చాలా యునీక్‌లని తలదన్నుతాయి, మంచి తెల్ల కవచం దొరికితే దాని మీద సొంతంగా గుణాలు కట్టుకోవచ్చు. ఏది కనబడాలో, ఏది దాచాలో చెప్పే ఫిల్టర్ మనమే రాసుకోవచ్చు. వీడు మాత్రం ఎవరో రాసింది దించుకున్నాడు. అందులో తెలుపు ఎందుకు దాచారో చెప్పమంటే నోరు మెదపడు. ముందు ఆ ఫైలు తెరిచి ఒక్కో వరుసా చదవమన్నాను. నేనూ పక్కన కూర్చుంటానని చెప్పాను.