లెవెల్ సెవెన్ అంటే ఎన్నో అంతస్తు?

రైల్వే ఉద్యోగి రెజ్యూమే రాస్తే అది రెజ్యూమేలా ఉండదు, సర్వీసు పుస్తకానికి జెరాక్సు కాపీలా ఉంటుంది. చకర్‌భాటాలో ఇల్లు కట్టుకుంటున్న మా బావ రాసుకున్నది చూశాక ఈ మాట అంటున్నాను. అందులో మొదట తండ్రిగారి పేరు, తర్వాత పుట్టిన తేదీ, కులం, పీఎఫ్ నంబరు, ఆ కింద "క్రమశిక్షణ కేసులు ఏవీ పెండింగులో లేవు" అన్న అభయహస్తం. పిల్లనిచ్చేవాళ్లకు పంపడానికి బాగానే ఉంది గానీ, రాయగఢ్ వైపు ఉన్న ఒక ఉక్కు కంపెనీకి పంపాలంటే మాత్రం ఇబ్బందే.

బావ బిలాస్‌పూర్ డివిజన్‌లో చీఫ్ గూడ్స్ సూపర్‌వైజర్. 2007లో కమర్షియల్ క్లర్కుగా చేరి మెట్టు మెట్టుగా ఎక్కాడు. బొగ్గు, ఉక్కు, సిమెంటు రాత్రీ పగలూ కదిలే ఈ నేల మీద ఆ పని ఎంత పెద్దదో లైనులో వాళ్లందరికీ తెలుసు. లైను బయట ఎవరికీ తెలియదు. అందుకే ఆ ఉక్కు కంపెనీ హెచ్‌ఆర్ అమ్మాయి ఫోన్ చేసి చాలా మర్యాదగా ఇలా అడిగింది: "సార్, మీ జీతం లెవెల్ 7, 44,900 నుంచి 1,42,400 అని రాశారు. అంటే 44,900కి కూడా వస్తారా?"

బావకు రెండు పూటలు అన్నం సహించలేదు. ఏడో వేతన సంఘం పట్టికలో ఆ లెవెల్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆ రెండంకెలు చెబుతాయి. అంతే తప్ప బేరానికి పెట్టిన కనిష్ఠం, గరిష్ఠం కావు. పైగా బావ అక్కడితో ఊరుకోకుండా, పాత ఫారాల అలవాటు కొద్దీ కింద "పీబీ-2, 9300-34800, గ్రేడ్ పే 4600" అని ఆరో వేతన సంఘాన్ని కూడా తద్దినం పెట్టి పిలిచాడు. ఆ అమ్మాయి అన్నింట్లోకీ చిన్న అంకె ఏరుకుని, ఈయన నెల జీతం 4,600 అనుకోలేదు, అదృష్టం.

"మామయ్యా, స్కేలు కొట్టెయ్, సీటీసీ రాయి" అన్నాడు హైదరాబాద్‌లో పనిచేసే మేనల్లుడు. "నాకు సీటీసీ లేదురా, పే స్లిప్పే ఉంది" అన్నాడు బావ. ఉంది, ఎవరూ కూడి చూడలేదంతే. ఆ రాత్రి ముగ్గురం కూర్చుని కూడాం.

బావ మూల వేతనం 52,000. దాని మీద 2025 జూలై నుంచి అమలైన 58 శాతం డీఏ 30,160. రవాణా భత్యం దాని డీఏతో కలిపి 2,844. నెలకు 85,004 అయితే ఏడాదికి 10,20,048. దసరా ముందు వచ్చే 78 రోజుల బోనసు 17,951. ఇవి బావకు కంఠస్థం. ఆయన ఎన్నడూ జీతం అనుకోనిది వేరే ఉంది. మూల వేతనం, డీఏ కలిపిన దాని మీద 14 శాతం చొప్పున సర్కారు ఎన్‌పీఎస్‌లో వేసే సొమ్ము ఏడాదికి దాదాపు 1,38,000. మొత్తం 11 లక్షల 76 వేలు. క్వార్టరు, ఏడాదికి మూడు సెట్ల పాసులు, రైల్వే ఆసుపత్రి ఈ లెక్కలో లేవు. వాటికి వెల కట్టమంటే బావ, "పాసుకు వెలేట్రా, అది మన హక్కు" అన్నాడు. రెజ్యూమేలో హక్కులకు గడి లేదు.

కంపెనీ ఇస్తానన్నది 12 లక్షలు. పెద్దంకెలా కనిపించింది. విప్పి చూస్తే అందులో మూల వేతనం సగం. దాని మీద కంపెనీ కట్టే పీఎఫ్ 72,000, గ్రాట్యుటీ పేరిట పక్కన పెట్టేది 28,860, పనితీరు బాగుందని ఎవరో అంటేనే వచ్చే భాగం 1,20,000. అవి తీసేస్తే నెలకు 81,595. అందులోంచి బావ వాటా పీఎఫ్ 6,000 పోతే చేతికి 75,595. ఇప్పుడు రైల్వేలో ఎన్‌పీఎస్ వాటా పోగా చేతికొస్తున్నది 76,788. ఆదాయపు పన్ను రెండు వైపులా ఉంటుంది కాబట్టి దాన్ని కదపలేదు. జీతం పెరిగిందన్న సంతోషంతో నెలకు వెయ్యికి పైగా పోగొట్టుకుని, రాయగఢ్‌లో అద్దె కట్టుకుంటూ బతకొచ్చన్నమాట.

జీతం సంగతి తేలాక విధుల దగ్గర ఆగాం. బావ రాసింది: "గూడ్స్ షెడ్ పర్యవేక్షణ, ఉన్నతాధికారులు అప్పగించిన ఇతర పనులు." ఆయన సర్వీసులో ముప్పాతిక భాగం ఆ "ఇతర పనులు"లోనే గడిచింది. మేనల్లుడు దాన్ని దిద్ది "తూర్పు-మధ్య భారత సరఫరా వ్యవస్థల వ్యూహకర్త" అని రాశాడు. చదివిన మా అక్క, ఇంట్లో గ్యాసు బండ బుక్ చేయని మనిషి వ్యూహకర్త ఎప్పుడయ్యాడని అడిగింది.

అక్క సందేహం సంగతి ఎలా ఉన్నా, అసలు చిక్కు వేరు. ప్రైవేటు కంపెనీలు నియామకానికి ముందు పాత కొలువును విచారిస్తాయి. రైల్వే ఇచ్చే సర్వీసు ధ్రువపత్రంలో "చీఫ్ గూడ్స్ సూపర్‌వైజర్" అనే ఉంటుంది. రెజ్యూమేలో "లాజిస్టిక్స్ హెడ్" అని ఉంటే, విచారించేవాడి కంటికి అది పదోన్నతి కాదు, అబద్ధం. కాబట్టి హోదా ఆర్డరులో ఉన్నట్టే ఉండాలి. విడమర్చాల్సింది దాని కిందున్న పనిని.

"సరే బావా, బొగ్గు రేకు వస్తే ఏం చేస్తావు?" అని అడిగాను. అప్పుడు నోరు విప్పాడు. రేకంటే దాదాపు 59 వ్యాగన్లు, సుమారు 4,000 టన్నులు. అది లైనులో పెట్టిన క్షణం నుంచి ఉచిత సమయం నడుస్తుంది. అది దాటితే వ్యాగనుకు గంటకు 150 రూపాయల మూల రేటున డెమరేజ్, అంటే రేకుకు గంటకు 8,850. తూకంలో బరువు మించితే జరిమానా వేరు. రైల్వే రసీదు ఎఫ్‌ఓఐఎస్‌లో తప్పు పడితే సరుకు ఒకచోట, కాగితం ఒకచోట. డెమరేజ్ మాఫీ కోరుతూ పార్టీలు పెట్టే అర్జీల్లో ఏది నిలుస్తుందో, ఏది వీగిపోతుందో ఆయనకు మొదటి పేరా చదవగానే తెలుస్తుంది.

"ఇదెందుకు రాయలేదు?" అన్నాను.

"ఇది డ్యూటీరా, గొప్పేటి?" అన్నాడు.

ఉక్కు కంపెనీ కొనేది సరిగ్గా ఆ డ్యూటీనే. ఇన్నాళ్లూ డెమరేజ్ వేసిన చేత్తోనే ఇకపై దాన్ని మాఫీ చేయించే అర్జీ రాయాలి. నెలకు ఎన్ని రేకులు చూశాడు, రేకు విడుదలకు సగటున ఎన్ని గంటలు పట్టింది, షిఫ్టులో ఎందరి పని చూశాడు అన్న మూడు సంగతులు రిజిస్టరు ప్రకారం రాస్తే సగం పేజీ చాలు. అలాగే రాశాం. తండ్రిగారి పేరు తీసేస్తుంటే మాత్రం బావ ముఖం అదోలా పెట్టాడు. సర్కారులో తండ్రి పేరు లేకుండా ఏ కాగితమూ కదలదు మరి.

ఆ అమ్మాయి మళ్లీ ఫోన్ చేసింది. ఈసారి ఇంటర్వ్యూకి రమ్మంది. "ఎంత ఆశిస్తున్నారు?" అన్న ప్రశ్నకు బావ మొదటిసారి స్కేలు చెప్పకుండా, "16 లక్షలు, అందులో పనితీరు భాగం విడిగా చూపించండి" అన్నాడు. అంత మాట అన్నందుకు ఆయనే కాసేపు భయపడ్డాడు.

ఇంకొక్క మాట, ఇది బావకే కాదు, 2004 తర్వాత చేరి ఇప్పుడు రెజ్యూమే రాసుకుంటున్న వాళ్లందరికీ. రాజీనామా, స్వచ్ఛంద పదవీ విరమణ ఒకటి కావు. రాజీనామా చేస్తే వెనకటి సర్వీసు లెక్కలోంచి పోతుంది. ఎన్‌పీఎస్ ఖాతా అప్పుడే మూసుకుంటే, పెద్ద మొత్తమైతే అందులో 80 శాతం పింఛను కొనడానికే పోతుంది, చేతికి 20 శాతమే. ఖాతా మూయకుండా అదే నంబరుతో కొనసాగించుకోవచ్చు. 20 ఏళ్లు నిండాక నోటీసిచ్చి స్వచ్ఛందంగా విరమిస్తే 60 శాతం దాకా చేతికొస్తుంది. 2007లో చేరిన మనిషికి ఆ 20 ఏళ్లు 2027లో నిండుతాయి. రెజ్యూమే ఎప్పుడు పంపినా పరవాలేదు. రాజీనామా కాగితం మాత్రం సర్వీసు పుస్తకంలో చేరిన తేదీ చూసుకున్నాకే రాయండి.