87 శాతం ముద్దాయి

మదనపల్లెలో 1895లో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి రాశారంటూ 1910లో ‘ఎట్ ది ఫీట్ ఆఫ్ ది మాస్టర్’ అనే చిన్న ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. అప్పటికి ఆయనకు పదిహేనేళ్లు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఇది కుర్రాడి పని కాదు, ఆయన్ను చేరదీసిన లెడ్‌బీటర్ దొర రాసిపెట్టాడు అన్నవాళ్లున్నారు. ఇవి గురువు చెప్పిన మాటలేనని ముందుమాటలో కుర్రాడే చెప్పుకున్నా అనుమానం తీరలేదు, నూరేళ్లు దాటినా చర్చ తెగలేదు. పాపం, అప్పట్లో ఏఐ రాతను పట్టే డిటెక్టర్ లేదు. ఉంటే రెండు సెకన్లలో 87 శాతమని తేల్చి, మర్నాడే టీసీ చేతిలో పెట్టేవాళ్లు.

ఇప్పుడు పుంగనూరులో ఒక తండ్రి ఉన్నాడనుకోండి. పదో తరగతి కొడుకు నీటి పొదుపు మీద ఇంగ్లీషులో రాసిచ్చిన వ్యాసం 87 శాతం ఏఐ రాసిందేనని బడి నుంచి కబురొచ్చింది. ఆయన కేకలేయలేదు. ముందు ఇంట్లో అడిగాడు: "ఏరా, దేన్నైనా వాడినావా? ఎంతవరకు? తిట్టను, ఉన్నది చెప్పు." స్పెల్లింగులు దిద్దుకున్నానన్నాడు వాడు. ఆ సంగతి దాచకుండా బడిలో చెప్పేసి, అప్పుడు అడిగాడు:

"సార్, ఈ 87 అంటే ఏంది? వ్యాసంలో 87 పాళ్లు యంత్రం రాసిందనా, యంత్రం రాసుండే అవకాశం 87 పాళ్లనా?"

ప్రిన్సిపాల్ స్క్రీన్ వైపు చూశారు. స్క్రీన్ మళ్లీ 87 అనే అంది.

ఆ డిటెక్టర్ వాడు రాస్తుంటే చూడలేదు, చూడటం దానివల్ల కాదు కూడా. ఒక మాట తర్వాత ఏ మాట వస్తుందో సులువుగా ఊహించగలిగితే, వాక్యాలు ఇంచుమించు ఒకే పొడవుంటే, ఇది ఏఐ వాసన అంటుంది. మరి మన బళ్లు నేర్పేదేమిటి? మొదటి పేరాలో విషయ ప్రాధాన్యం, చివరి పేరాలో 'కాబట్టి మనమందరం'. మధ్యలో గైడులో ఉన్న మాట ఉన్నట్టు. సొంత వాక్యం రాస్తే ఎర్రసిరా, అప్పజెప్పిన వాక్యం రాస్తే పదికి పది. పదేళ్లు పిల్లవాణ్ణి యంత్రంలా తోమి, చివరికి యంత్రంలా రాశావని వాడి మీదే నేరం మోపడం! నిజానికి ఆ 87లో సగం మార్కులు ఇంగ్లీషు మేష్టారికి రావాలి.

కుప్పం పిల్లల అవస్థ ఇంకోటి. ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు, బస్సెక్కితే కన్నడం వినే పిల్ల, పరీక్షలో ఇంగ్లీషు రాసేటప్పుడు తప్పు పోకుండా తెలిసిన నాలుగు మాటలే వాడుకుంటుంది. డిటెక్టర్‌కు అదీ ఏఐ వాసనే. 2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు రాసిన 91 టోఫెల్ వ్యాసాలను ఏడు డిటెక్టర్లకిచ్చారు. సగటున 61 శాతం వ్యాసాలను అవి ఏఐ ఖాతాలో వేశాయి. అమెరికా ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాలను మాత్రం దాదాపు అన్నిటినీ సరిగ్గానే గుర్తించాయి. అంటే డిటెక్టర్‌కు బాగా తెలిసింది దొరబిడ్డల ఇంగ్లీషు.

తండ్రి రెండో ప్రశ్న: "ఇది నిర్దోషుల్ని ఎంతమందిని పట్టుకుంటుంది సార్?" చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ సంస్థే 2023 జనవరిలో సొంత డిటెక్టర్ విడుదల చేసి, లెక్క తానే చెప్పింది: ఏఐ రాతల్లో 26 శాతాన్ని పట్టుకుంటుంది, మనుషుల రాతల్లో 9 శాతాన్ని పొరబాటున పట్టుకుంటుంది. ఈ లెక్క మన బడికి వేద్దాం. 200 మంది పిల్లలు, అందులో 20 మంది నిజంగా ఏఐతో రాయించారు. దొరికే దొంగలు ఐదుగురు. మిగతా 180 మందిలో ఊరికే ఇరుక్కునేవాళ్లు పదహారు మంది. ఆఫీసు గది ముందు నిలబడ్డ ఇరవై ఒక్క మందిలో పదహారు మంది ఏ పాపం ఎరగనివాళ్లు, అసలు దొంగలు పదిహేను మంది గ్రౌండులో ఆడుకుంటున్నారు. కచ్చితత్వం తక్కువని ఆ సంస్థ అదే ఏడాది జులైలో దాన్ని మూసేసింది. ఇప్పటివి అంతకంటే మెరుగే కావచ్చు. ఎంత మెరుగో, మన పిల్లల ఇంగ్లీషు మీద ఎవరు చూశారో చెప్పాల్సింది వాడుతున్న బడి.

మూడో ప్రశ్న, ఏఐ వాడకం మీద రాతపూర్వకంగా నియమం ఉందా, స్పెల్లింగు దిద్దుకోవడం అందులో నేరమా అని. దానికి "చూస్తాం" అన్నారు.

ఆయన తెచ్చిన సాక్ష్యం చిన్నది: కొట్టివేతలతో ఉన్న చిత్తుప్రతి, గూగుల్ డాక్స్‌లో మూడు సాయంత్రాల మార్పుల చరిత్ర. "వాణ్ణి మీ ఎదురుగానే కూర్చోబెట్టి, వాడు రాసిన దాంట్లోంచే రెండు ప్రశ్నలు అడగండి సార్. చెప్పలేకపోతే మార్కులు కోసేయండి, నేనేమీ అనుకోను" అన్నాడు.

బయటికొచ్చాక బావమరిది ఊరుకోలేదు. "బావా, వాళ్లు పంపిన సర్క్యులర్‌ను కూడా డిటెక్టర్‌లో వేద్దాం, ఎంతొస్తుందో చూద్దాం."

"వద్దప్పా. మనోడి మీద చెప్తే నమ్మనిది, ప్రిన్సిపాల్ సార్ మీద చెప్తే ఎట్ల నమ్ముతాం?"