ముక్కు చుక్కల గురించి వినకూడని సలహాలు

“పనిచెయ్యట్లేదా? ఇంకో రెండు చుక్కలు వేసుకో.” ఈ సలహా అస్సలు వినకండి. హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లో ఓ బట్టల దుకాణంలో పనిచేసే కుర్రాడిని ఊహించుకోండి. జలుబు చేస్తే మందుల షాపులో జైలోమెటజొలిన్ చుక్కలు కొన్నాడు. వేసుకున్న కాసేపటికే ముక్కు తెరుచుకుంది, ఎనిమిది గంటలు హాయిగా ఉంది. జలుబు వారంలో తగ్గిపోయింది, కానీ చుక్కలు ఆగలేదు. నెల తిరిగేసరికి ఆ హాయి మూడు గంటలే ఉంటోంది. అర్ధరాత్రి లేచి దిండు కింద సీసా వెతుక్కుంటున్నాడు.

ఈ మందు ముక్కు లోపలి రక్తనాళాలను బిగిస్తుంది. బిగింపు వదలగానే అవి మునుపటికంటే ఎక్కువగా ఉబ్బుతాయి, పైగా రోజూ వాడేకొద్దీ మందుకు స్పందించడం తగ్గిస్తాయి. అంటే ఇప్పుడు ముక్కు మూస్తున్నది జలుబు కాదు, మందే. తుమ్ములు, దురద, నీరు కారడం లేకుండా ఒట్టి దిబ్బడే ఉండి, చుక్క పడితేనే తెరుచుకుంటుంటే అనుమానం దీనిమీదే. అందుకే మూడు నుంచి ఐదు రోజులు దాటి వాడొద్దంటారు.

“కంపెనీ మార్చి చూడు” అనేది ఇంకో సలహా. ఆక్సీమెటజొలిన్ చేసేదీ అదే పని. పేరు మారుతుంది, ఉబ్బు మారదు.

“ఈ రాత్రే సీసా పారెయ్” అనేవాళ్ల ఉద్దేశం మంచిదే. ధైర్యంగా ఒక్కసారే మానేయగలిగినవాళ్లూ ఉన్నారు. కానీ మొదటి కొన్ని రాత్రులు ఊపిరాడక చాలామంది మళ్లీ కొనుక్కుంటారు. వాళ్లకు ఒక్కో వైపే మానడం తేలిక. డాక్టరు రాసిచ్చిన ఫ్లూటికసోన్ లేదా మొమెటసోన్ స్టెరాయిడ్ స్ప్రే రోజూ రెండు వైపులా మొదలుపెట్టండి. అది అప్పటికప్పుడు తెరవదు, కొన్ని రోజులు పడుతుంది. తల కాస్త వంచి, మధ్య గోడకు కాకుండా చెవి వైపుకు కొట్టుకోవాలి. లేకపోతే గోడ పుండుపడి రక్తం రావచ్చు. పాత చుక్కలు ఒక వైపు పూర్తిగా ఆపి, రెండో వైపు రాత్రి మాత్రమే వేసుకోండి. ఆపిన వైపు తనంతట తాను తెరుచుకున్నాక, సాధారణంగా ఒకటి రెండు వారాల్లో, రెండోదీ ఆపండి. ఈలోగా కాచి చల్లార్చిన నీటితో చేసిన ఉప్పునీటితో ముక్కు కడుక్కోవచ్చు. కుళాయి నీరు నేరుగా వాడొద్దు. రాత్రి తల ఎత్తుగా పెట్టుకోండి.

“పిల్లాడికీ అదే సీసా వెయ్యి” అనేది అన్నిటికంటే ప్రమాదకరం. పెద్దల మోతాదు చిన్నపిల్లల్లో మత్తు కలిగించి, ఊపిరిని మందగింపజేయవచ్చు. పొరపాటున పడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. బీపీ, గుండెజబ్బు, గ్లకోమా ఉన్నవాళ్లూ డాక్టరును అడగకుండా వాడకూడదు.

మానేశాక నెల దాటినా దిబ్బడ పోకపోతే, లేదా మొదటినుంచీ ఒకే వైపు మూసుకుని రక్తం పడుతుంటే, అసలు కారణం వంకర గోడో, పాలిప్‌లో, అలర్జీయో, మరొకటో తేలాలి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకైతే కోఠీలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. వెళ్లేటప్పుడు ఆ సీసా కూడా తీసుకెళ్లి, ఎన్నాళ్లుగా వాడుతున్నారో దాచకుండా చెప్పండి.