384 మంది సాక్షిగా కరకర

మార్కాపురం, గిద్దలూరుల్లో ఐదు రూపాయల చిప్స్ ప్యాకెట్‌కు గిరాకీ తేల్చే నివేదికలో ‘పద్ధతి’ అధ్యాయం మహా గంభీరం: 384 మంది, 95 శాతం విశ్వాసం, అటూ ఇటూ 5 శాతం తేడా. జనాన్ని చీటీలేసినట్టు ఎంచితేనే ఆ లెక్క చెల్లుతుంది. అడిగింది మాత్రం బస్టాండు కొట్టు ముందు ప్యాకెట్ చింపుతున్నవాళ్లని. ‘ఫలితం’: జనానికి ప్యాకెట్లే ఇష్టం! చెన్నకేశవస్వామి గుడి మెట్ల మీద అడిగితే ఊళ్లో నాస్తికుడే లేడని తేలుతుంది.

బస్టాండుకు అన్ని ఊళ్లవాళ్లూ వస్తారు కదా అంటారు. వస్తారు, బస్సెక్కడానికి. కారప్పూస కిలో లెక్కన తూయించుకునేవాళ్లు, బజ్జీల బండి చుట్టూ మూగేవాళ్లు ఆ 384లో లేరు. ప్యాకెట్‌కు అసలు పోటీ అక్కడే. అన్నిచోట్లా తిరిగే తీరిక లేదా? ‘బస్టాండులో అడిగాం’ అని మొదటి పేజీలో రాసి, ఆ 95 శాతాన్ని కొట్టేయండి.