కుడికి జరిగిన నా కర్వ్

ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో ఆక్సిజన్ డిసోసియేషన్ కర్వ్ నాకు కంఠతా వచ్చు. కార్బన్ డయాక్సైడ్, ఆమ్లత్వం, వేడి, డీపీజీ పెరిగితే గీత కుడికి జరుగుతుందని నిద్రలో లేపినా చెప్పేవాణ్ణి. కుడికి జరిగితే హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ మీద పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గితే ఒంటికి అందేదీ తగ్గుతుందని నాకు నేనే తేల్చేసుకున్నాను. అక్కడితో ఆగక, హాస్టల్లో ఇద్దరు ముగ్గురికి పాఠం కూడా చెప్పాను.

వైవాలో ఎగ్జామినర్ మెత్తగానే అడిగారు. "పరుగెత్తేవాడి కర్వ్ ఎటు జరుగుతుంది?"

"కుడికి సార్."

"వాడికి మంచిదా?"

"కాదు సార్, ఆక్సిజన్ తగ్గిపోతుంది."

"మరైతే వాడు సగం దూరంలోనే పడిపోవాలి కదయ్యా!"

నేను ఊపిరితిత్తుల చివర మాత్రమే చూశాను. కండరం దగ్గర ఏమవుతుందో చూడాలన్న ఆలోచనే రాలేదు. ఆయన కాగితం మీద లెక్క వేయించారు. ఊపిరితిత్తుల పొర దాటిన రక్తంలో ఆక్సిజన్ పీడనం దాదాపు 100. మామూలు గీత మీద అక్కడ 97 శాతం హిమోగ్లోబిన్ నిండుతుంది. కండరం దగ్గర పీడనం 40 అనుకుంటే 75 శాతం మిగులుతుంది. అంటే దిగింది 22 శాతం. ఇప్పుడు సగం నిండే పీడనాన్ని 27 నుంచి 32కి జరపండి. పైన 97 కాస్తా సుమారు 96 అవుతుంది. కింద 75 కాస్తా 65కి పడుతుంది. దిగింది 31 శాతం! వంద మిల్లీలీటర్ల రక్తం సుమారు 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ మోస్తుంది కాబట్టి, నాలుగున్నర ఇచ్చే చోట ఆరు ఇచ్చిందన్నమాట. గీత పైభాగం చదునుగా, నడిమి భాగం నిటారుగా ఉంది కాబట్టే ఈ లాభం. జనాన్ని ఎక్కించుకోవడమే తప్ప దింపని ఆర్టీసీ బస్సు ఎవరికి కావాలి? నేను మెచ్చుకున్నది సరిగ్గా ఆ బస్సునే.

అలాగని కుడి ఎప్పుడూ మేలు కాదు. (ఈ మాట నేను వెంటనే రెండో తప్పు చేయబోతే ఆయనే ఆపి చెప్పారు.) ఎత్తైన కొండ మీద ఊపిరితిత్తుల్లోనే పీడనం 50కి దిగిందనుకోండి. అక్కడ గీత ఇంకా నిటారుగానే ఉంటుంది. కుడికి జరిగితే నిండేది 84 నుంచి 77కి పడుతుంది. ఎక్కించుకునే చోటే నష్టం. ఎవరెస్ట్ శిఖరం మీద మనిషి విపరీతంగా ఊపిరి తీసి కార్బన్ డయాక్సైడ్‌ను ఊదేస్తాడు. దాంతో రక్తం క్షారమై గీత ఎడమకే జరుగుతుంది, అదే అక్కడ మేలు. హిమాలయాలు దాటే చారల తల బాతుకైతే ఆ ఎడమ పట్టు పుట్టుకతోనే ఉంది.

నేను ఆ వైవా ఎలాగో గట్టెక్కాను. హాస్టల్లో నా పాఠం విన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి గీతను 100 దగ్గర ఒకసారి, 40 దగ్గర ఒకసారి చదవండి. నేను చెప్పింది తప్పు.