బొమ్మ నడకను పాడుచేసే ఐదు సలహాలు

ఒక్కో ఫ్రేమూ చేత్తో గీసి బొమ్మను నడిపించడం నేర్చుకునేవాళ్ళకు సలహాలు దండిగా దొరుకుతాయి. వాటిలో కొన్ని వినడానికి సబబుగానే ఉంటాయి, పాటిస్తే మాత్రం నడక చెడుతుంది. అలాంటివి ఐదు ఏరి, ఒకే బొమ్మ మీద పరీక్షించి చూపిస్తాను. పక్కనుంచి కనిపించే పిల్లవాడు, కుడివైపు తిరిగి, ఉన్నచోటే నడుస్తున్నాడు. తుంటి నుంచి మడమ దాకా కాలి పొడవు 200 పిక్సెళ్ళు, ఒక అడుగు 160 పిక్సెళ్ళు. గీసేది ఉచితంగా దొరికే క్రిటాలో, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన.

1. "టూస్ కావాలంటే సెకనుకు 12 ఫ్రేములు పెట్టేస్తే సరి"

టూస్ అంటే ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేముల పాటు నిలపడం. సెకనుకు 12 బొమ్మలే కనిపిస్తాయి కాబట్టి లెక్క సరిపోయినట్టే ఉంటుంది. కానీ నడుస్తున్న పిల్లవాడు దారిలో రాయిని తన్నాడనుకోండి. ఆ విసురులో కాలు ఎంత వేగంగా పోతుందంటే, ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ లేకపోతే కాలు ఒకచోట మాయమై ఇంకోచోట తేలినట్టుంటుంది. 12 పెట్టుకున్నవాళ్ళకు ఆ అదనపు బొమ్మలు పెట్టడానికి గడులే ఉండవు.

అందుకే 24 దగ్గరే ఉంచి, 0, 2, 4, 6... ఇలా సరి సంఖ్యల మీదే గీయండి. క్రిటాలో ఫ్రేముల లెక్క సున్నా నుంచే మొదలవుతుంది. బేసి గడులను ఖాళీగా వదిలేయండి, తర్వాతి బొమ్మ వచ్చేదాకా ముందుదే తెరమీద నిలుస్తుంది. అక్కడ కాపీ పెడితే, రేపు చెయ్యి సరిదిద్దాలన్నా రెండుచోట్ల దిద్దాలి.

మన పిల్లవాడిది తీరుబడి నడక, అడుగుకు 16 ఫ్రేములు. 0లో మడమ నేలను తాకే కాంటాక్ట్, 4లో బరువు కాలి మీద పడి ఒళ్ళు కిందికి దిగే డౌన్, 8లో ఒక కాలు రెండోదాన్ని దాటే పాసింగ్, 12లో ఒళ్ళు పైకి లేచే అప్, 16లో రెండో కాలి కాంటాక్ట్. అడుగుకు 12 ఫ్రేములైతే నడక చురుగ్గా ఉంటుంది గానీ, డౌన్ 3 మీదికి, అంటే బేసి గడి మీదికి పోతుంది. మొదటి నడకకు 16 తేలిక.

2. "ఆనియన్ స్కిన్‌లో ఎన్ని బొమ్మలు కనిపిస్తే అంత మంచిది"

ఆనియన్ స్కిన్ అంటే ముందు గీసిన బొమ్మా, తర్వాత రాబోయే బొమ్మా లేత రంగుల్లో అడుగున కనిపించడం. అటు ఐదు, ఇటు ఐదు పెట్టుకుంటే, మనిషికి రెండేసి కాళ్ళ చొప్పున ఇరవై కాళ్ళు ఒకదాని మీద ఒకటి పడతాయి. ఏది కుడికాలో, ఏది ఎడమకాలో కన్ను పట్టుకోలేదు. ఎడమ మోకాలు గీస్తున్నామనుకుని కుడి మోకాలి గీత మీద గీసేస్తాం.

ముందుది ఒకటి, తర్వాతది ఒకటి చాలు. దగ్గరి కాలిని ఒక రంగుతో, దూరపు కాలిని ఇంకో రంగుతో గీయండి. ముందు 0, 4, 8, 12, 16 బొమ్మలు పూర్తిచేసి, ఆ తర్వాతే నడిమివి మొదలుపెట్టండి. ఆనియన్ స్కిన్ వెలిగించినా ఏమీ కనిపించకపోతే, మీరు గీస్తున్నది తెల్లరంగు నింపిన లేయర్ మీదేమో చూడండి. లేత బొమ్మలు గీతల కింద పడతాయి కాబట్టి తెలుపు వాటిని కప్పేస్తుంది. గీతలకు పారదర్శకమైన లేయర్ వేరుగా ఉండాలి.

3. "రెండు లేత బొమ్మలకూ సరిగ్గా నడుమ గీయండి"

ఐదింటిలోనూ ఎక్కువ నడకలను చంపేది ఇదే. 0లో కాళ్ళు తుంటికి ముందు 80, వెనక 80 పిక్సెళ్ళు చాచి ఉంటాయి. 200 పొడవున్న కాలు అలా ఏటవాలుగా నిలిస్తే తుంటి నేలకు దాదాపు 183 పిక్సెళ్ళ ఎత్తున ఉంటుంది. 16లోనూ అదే ఎత్తు. ఈ రెంటికీ సరిగ్గా నడుమ పాసింగ్ గీస్తే తుంటి 183 దగ్గరే ఉండిపోతుంది. నిటారుగా నిలవాల్సిన కాలు 17 పిక్సెళ్ళు కురచవుతుంది, లేదా మోకాలు వంగిపోతుంది. ఆడించి చూస్తే తల లేవకుండా, దిగకుండా ఒకే ఎత్తున నిలిచిపోతుంది. బొమ్మ నడవదు, తేలుతుంది.

పాసింగ్‌లో తుంటిని 200 ఎత్తుకు లేపండి. దాటే కాలి మోకాలు మడిచి పాదాన్ని నేల నుంచి ఎత్తండి, లేకపోతే అది నేలను ఈడ్చుకుంటూ పోతుంది. డౌన్‌ది ఇంకో చిక్కు. 0కీ 8కీ నడుమ గీస్తే 4లో తుంటి పైకి పోతుంది, నిజానికి అది 183 కంటే కిందికి దిగాలి. బరువు తెలిసేది ఆ దిగడంలోనే. తల నడినెత్తిన ఒక చుక్క పెట్టి, అన్ని బొమ్మల చుక్కలనూ వరసగా చూడండి. అవి దిగుతూ లేస్తూ ఉండాలి.

4. "ప్రతి కదలికకూ మొదట్లో, చివర్లో నెమ్మది ఇవ్వండి"

చెయ్యి ఊపుకు ఇది మంచి మాటే. నేల మీద ఆనిన పాదానికి మాత్రం పనికిరాదు. ఉన్నచోటే నడిచే బొమ్మలో ఆనిన పాదం వెనక్కి జరుగుతుంది. నిజానికి అక్కడ కదులుతున్నది నేల, నేలకు నెమ్మదీ వేగమూ ఉండవు. 0 నుంచి 16 దాకా ఎనిమిది జరుగుళ్ళలో 160 పిక్సెళ్ళు, అంటే బొమ్మకు 20 చొప్పున, సమానంగా పోవాలి. ఒకటి 12, ఇంకొకటి 28 అయితే పిల్లవాడు తడినేల మీద జారినట్టుంటాడు. వేరే లేయర్ మీద 20 పిక్సెళ్ళకో గీటు పెట్టుకోండి. మడమ లేచాక మునివేళ్ళ చోటును ఆ గీట్లతో సరిచూడండి.

వెనక దృశ్యాన్ని జరిపేటప్పుడు ఫ్రేముకు 10 పిక్సెళ్ళ చొప్పున జరపబుద్ధేస్తుంది. మొత్తం దూరం అదే, కానీ బేసి ఫ్రేముల్లో నేల కదిలి పాదం ఆగిపోతుంది. అడుగడుగునా పాదం వణుకుతుంది. నేలను కూడా రెండు ఫ్రేములకోసారి 20 జరపండి, లేదా నడకనే ప్రతి ఫ్రేముకూ గీయండి.

5. "సగం గీశాక మిగతా సగం తిరగేసి కాపీ చేయండి, చివర మొదటి బొమ్మే పెట్టండి"

బొమ్మను అడ్డంగా తిరగేస్తే పిల్లవాడు ఎడమవైపుకి తిరిగిపోతాడు. తిరగేయాల్సింది బొమ్మను కాదు, కాళ్ళూ చేతులూ మార్చుకోవాలి. 0ని 16 మీదికి, 4ని 20 మీదికి తెచ్చి, దగ్గరి కాలి చోట దూరపు కాలినీ, దూరపుదాని చోట దగ్గరిదాన్నీ గీయండి. చేతులూ అంతే. తల ఎత్తు 0లోనూ 16లోనూ, 4లోనూ 20లోనూ ఒక్కటిగా లేకపోతే నడక కుంటుతుంది.

ఇక 32లో మొదటి బొమ్మ మళ్ళీ పెడితే, కాంటాక్ట్ నాలుగు ఫ్రేములు నిలిచి ప్రతి చుట్టులోనూ ఒక్క క్షణం తడబడుతుంది. చివరి బొమ్మ 30లో ఉండాలి, ముగింపు ఫ్రేము 31 కావాలి. 30 దగ్గరే ముగిస్తే ఆ బొమ్మ ఒక్క ఫ్రేమే నిలిచి ఎగిరిపడుతుంది. ఆడించేటప్పుడు ముందు పాదాలను మాత్రమే చూడండి, తర్వాత తలను మాత్రమే. పాదం జారితే నాలుగో సలహా, తల ఒకే ఎత్తున నిలిచిపోతే మూడోది, చుట్టు కలిసేచోట తట్టుకుంటే ఐదోది మీ గీతల్లోకి దూరిందన్నమాట.